యాక్చువరీ సంతకం ఉన్నాక ఆడిటర్ ఇంకేం చూడాలి?

రెండో ఏడు ఆర్టికల్:
కంపెనీ పటాన్‌చెరులో, అన్‌లిస్టెడ్, 412 మంది ఉద్యోగులు. 2025 మార్చి 31 నాటికి గ్రాట్యుటీ బాధ్యత 3.1 కోట్లని, ఇలాంటి భవిష్యత్తు చెల్లింపులకు ఇవాళ్టి విలువ కట్టే యాక్చువరీ నుంచి రిపోర్టు వచ్చింది. మా సర్ దాన్ని ఫైల్లో పెట్టి టిక్ కొట్టమన్నారు. ఆ లెక్కలు మన సబ్జెక్టు కాదు, సర్టిఫికెట్ ఉంటే చాలు అంటారు. పోయినసారి పీర్ రివ్యూకి వచ్చినాయన మాత్రం ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 620 ప్రకారం ఉండాల్సిన డాక్యుమెంటేషన్ లేదని రాసి వెళ్లారు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్? రిపోర్టులో డిస్కౌంట్ రేటు 7.1, జీతం పెరుగుదల 5, అట్రిషన్ 15 శాతం అని ఉంది. హెచ్‌ఆర్ వాళ్లేమో జీతాలు ఏటా 9 శాతం పెరుగుతున్నాయంటున్నారు. సెప్టెంబరు 30న ఏజీఎం. కొంచెం టెన్షన్‌గా ఉంది.

పాతికేళ్ల ప్రాక్టీస్:
మీ సర్ చెప్పిందే నా మాట కూడా. యాక్చువరీకి వేరే చట్టం, వేరే ఇన్‌స్టిట్యూట్, వేరే పరీక్షలు ఉన్నాయి. ఆయన సంతకం పెట్టాక దాని మీద మనం పెన్ను పెట్టడం ఏమిటి? జీవిత బీమా కంపెనీల ఆడిట్ రిపోర్టు తీసి చూడు. ఎల్‌ఐసీదైనా సరే. పాలసీల బాధ్యత లెక్క అపాయింటెడ్ యాక్చువరీ బాధ్యత, ఆయన సర్టిఫికెట్ మీద ఆధారపడ్డామని ఆడిటర్లు నేరుగా రాస్తారు. అంత పెద్ద కంపెనీలో చెల్లింది మీ పటాన్‌చెరు ఫ్యాక్టరీకి చెల్లదా? రిపోర్టులో ఒక లైను రాసేయండి, ‘యాక్చువరీ సర్టిఫికెట్ ఆధారంగా’ అని. బాధ్యత అక్కడితో ఆయనది.

గోదావరి గట్టు:
బీమా కంపెనీల సంగతి నిజమే సర్, కానీ దాన్ని ఇక్కడికి తేవడం కుదరదు. అక్కడ పాలసీ బాధ్యతను అపాయింటెడ్ యాక్చువరీ సర్టిఫై చేయాలని బీమా నియంత్రణ సంస్థ నిబంధనలే చెబుతున్నాయి. ఆడిటర్ ఆ పేరా రాయడానికి ఆ ఏర్పాటే ఆధారం. అదే బీమా కంపెనీ తన సొంత ఉద్యోగుల గ్రాట్యుటీకి అలాంటి పేరా రాయించుకోలేదు. మామూలు కంపెనీకి మీరు చెప్పిన లైను రాస్తే బాధ్యత ఎక్కడికీ పోదు. ‘ఆడిటర్ నాకు తెలియదని రాసుకున్నాడు’ అని చదివేవాడికి అర్థమవుతుంది, అంతే.

తమ్ముడూ, ఇక నీ ప్రశ్న. పీర్ రివ్యూ ఆయన పట్టింది సరైన లోటే, రాసిన నంబరే తప్పు. ఈ యాక్చువరీని పెట్టుకున్నది కంపెనీ, తన ఖాతాలు తయారు చేసుకోవడానికి. అంటే ఆయన యాజమాన్యం నిపుణుడు. ఆయన పనిని ఆధారంగా తీసుకునేటప్పుడు చూడాల్సింది ఎస్‌ఏ 500లో 8వ పేరా. మీ ఫర్మే సొంతంగా ఇంకో యాక్చువరీని పిలిచి ఈ లెక్క చూడమంటే అప్పుడు ఎస్‌ఏ 620. ఫైల్లో 620 చెక్‌లిస్ట్ నింపి పెడితే రివ్యూయర్ సంతోషిస్తాడేమో గానీ, చేయాల్సిన పని మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఆ పని మూడు ప్రశ్నలు. ఈయనకు ఈ పని చేసే అర్హత ఉందా, యాజమాన్యం ఒత్తిడికి దూరంగా ఉన్నాడా? ఏం చేశాడో మనకు అర్థమైందా? చేసింది మనకు ఆధారంగా పనికొస్తుందా? మొదటిదానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఫెలో మెంబరేనా, ప్రాక్టీస్ సర్టిఫికెట్ ఆ తేదీకి చెల్లుతుందా, కంపెనీతో ఫీజు తప్ప ఇంకేమైనా లావాదేవీ ఉందా అని చూస్తావు. చాలా ఫైళ్లు ఇక్కడే ఆగిపోతాయి. అసలు తప్పులు దొరికేది మాత్రం మూడో దాంట్లో.

రిపోర్టు చివరి పేజీలు తిప్పు. ‘కంపెనీ ఇచ్చిన వివరాల మీద ఆధారపడ్డాం, విడిగా సరిచూడలేదు’ అన్న వాక్యం ఉంటుంది. ఇలాంటి రిపోర్టుల్లో అది మామూలే. ఆయన సరిచూడలేదని ఆయనే చెప్పాక, మీ సర్ ఆయన్ని నమ్మి సరిచూడడం మానేస్తే, ఆ 412 మంది జాబితాను ఎవరు చూసినట్టు?

ఫ్యాక్టరీ ఫైనాన్స్:
నేను కంపెనీ వైపు కుర్చీలో ఉంటాను కాబట్టి ఇక్కడ తిట్లు తినడానికి సిద్ధమే. ఆడిటర్లు ఏటా ఈ గ్రాట్యుటీ మీద పడతారు. మేం ఫీజు కట్టి నిపుణుడితో చేయిస్తాం. ఆ తర్వాత పాతికేళ్లు కూడా నిండని ఆర్టికల్ వచ్చి ‘జీతాలు 9 పెరుగుతుంటే మీరు 5 ఎందుకు పెట్టారు’ అని అడుగుతాడు. 9 అనేది మొత్తం జీతం పెరుగుదల. 2025 మార్చి నాటి చట్టంలో గ్రాట్యుటీ వచ్చేది బేసిక్, డీఏ మీద. మా యూనియన్‌తో మూడేళ్లకోసారి ఒప్పందం జరుగుతుంది. పెరిగేదాంట్లో ఎక్కువ భాగం హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్, స్పెషల్ అలవెన్స్‌లోకి పోతుంది. బేసిక్ నెమ్మదిగానే కదులుతుంది. అలవెన్సుల్లో ఎందుకు వేస్తామో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి తెలియకుండా హెచ్‌ఆర్ మాట పట్టుకుని క్వెరీ రాస్తే మాకు ఒక వారం వృథా.

గోదావరి గట్టు:
ఇందులో మీదే న్యాయం. పోల్చాల్సింది మొత్తం జీతంతో కాదు. కానీ ‘బేసిక్ నెమ్మదిగా కదులుతుంది’ అన్న మాట కూడా మీ మాటే కదా, ఆధారం కాదు. 2022 మార్చిలోనూ 2025 మార్చిలోనూ ఉన్న ఉద్యోగులను మాత్రమే తీసుకుని, వాళ్ల బేసిక్, డీఏ మొత్తం ఎంత పెరిగిందో చూడాలి. కొత్తగా చేరినవాళ్లను కలిపి సగటు తీస్తే రేటు తగ్గినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు తక్కువ జీతంతో చేరతారు. ఎక్సెల్‌లో గంట పని. ప్రమోషన్ల వల్ల పెరిగింది కూడా ఇందులో కలవాలి, తీసేయకూడదు.

బ్యాంకు బాబాయ్:
వాల్యూయర్ల గురించే కదా చర్చ. నాది బ్రాంచి ఆడిట్ అనుభవం చెబుతాను. ఒక ఎన్‌పీఏ ఖాతాలో తాకట్టు భూమికి ప్యానెల్ వాల్యూయర్ 4.8 కోట్లని రాశారు. ఓఆర్‌ఆర్ అవతల. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువతో లెక్కేస్తే 1.1 కోట్లు. ఆ శాఖ విలువ బయట రేటు కన్నా తక్కువే ఉంటుందని మనకందరికీ తెలుసు, కాబట్టి తేడా ఉన్నంత మాత్రాన తప్పు అనలేం. కానీ నాలుగు రెట్లా?

రిపోర్టులో పోలికకు తీసుకున్న మూడు అమ్మకాలు చూశాను. మూడూ అనుమతి ఉన్న లేఅవుట్లలోని ప్లాట్లు. మన భూమి పాస్‌బుక్‌లో ఇంకా వ్యవసాయ భూమే, వ్యవసాయేతర భూమిగా నాలా మార్పిడి కాలేదు. అప్పు తీసుకున్నాయన ‘మార్పిడి ప్రాసెస్‌లో ఉంది’ అని చెప్పాడట, వాల్యూయర్ దాన్నే పట్టుకుని గజాల్లో విలువ కట్టేశారు. ఎకరాల్లో అమ్ముడయ్యే భూమికి గజాల రేటు. కూడికలు, గుణకారాలు అన్నీ కరెక్టే.

బ్యాంకు ఖాతాలో ఇది చిన్న విషయం కాదు. తాకట్టు నిజ విలువ బ్యాంకు ముందు లెక్కగట్టినదాంట్లో సగం కన్నా తగ్గిపోతే ఆ ఖాతాను నేరుగా డౌట్‌ఫుల్‌లో పెట్టాలి, అప్పు బకాయిలో 10 శాతం కన్నా తగ్గితే లాస్. కాబట్టి వాల్యూయర్ కాగితం ఒక్కటే మొత్తం ప్రొవిజన్‌ను మార్చేస్తుంది. మేనేజర్‌గారు మాత్రం ‘ప్యానెల్ వాల్యూయర్ సార్, హెడ్డాఫీసు ఎంపిక చేసినాయన’ అనే అన్నారు చివరిదాకా.

రెండో ఏడు ఆర్టికల్:
బాబాయ్ గారూ, నాది గ్రాట్యుటీ ప్రశ్న. భూమి లేదు ఇందులో.

బ్యాంకు బాబాయ్:
అవునా. టైటిల్ చూసి రాసేశానులే. అయినా సంగతి ఒక్కటే కదా, మనం ఇచ్చే ముడిసరుకు చెడ్డదైతే నిపుణుడేం చేస్తాడు.

పావని, ముంబై:
నేను యాక్చువరీల ఆఫీసులో పని చేస్తున్నాను. ఇంకా పేపర్లు మిగిలి ఉన్నాయి కాబట్టి సంతకం నాది కాదు, లెక్కలు నావి. ఆర్టికల్ గారూ, రిపోర్టులో ‘వెయిటెడ్ యావరేజ్ డ్యూరేషన్’ అని, చెల్లింపులు సగటున ఎన్నేళ్ల దూరంలో ఉన్నాయో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది, చెబుతారా?

రెండో ఏడు ఆర్టికల్:
10 సంవత్సరాలు అని ఉంది మేడమ్. అట్రిషన్ 15 అని పెట్టి బాధ్యత తగ్గించారని నా అనుమానం. ఏడాదిలో మానేసింది 25 మందే, అంటే 6 శాతం చుట్టే. ఎక్కువ మంది మానేస్తారని చూపిస్తే బాధ్యత తగ్గుతుంది కదా?

పావని, ముంబై:
అందరూ అలాగే అనుకుంటారు. సగమే నిజం. ఒక మనిషిని తీసుకుని చూద్దాం.

38 ఏళ్లు, పదేళ్ల సర్వీసు, బేసిక్, డీఏ కలిపి నెలకు 26,000. 2025 మార్చి నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కిస్తాం, కాబట్టి ఏడాదికి 15,000. ఇవాళ మానేస్తే కంపెనీ చేతిలో పెట్టాల్సింది 1,50,000. మానేయకుండా 58 దాకా ఉన్నాడనుకుందాం. జీతం ఏటా 5 శాతం పెరిగితే రిటైరయ్యేనాటికి 69,000 దగ్గరికి వస్తుంది. ఆ జీతం మీద, ఇప్పటిదాకా చేసిన పదేళ్లకు వచ్చే వాటా 3.98 లక్షలు. దాన్ని ఇరవై ఏళ్ల పాటు 7 శాతంతో వెనక్కి తెస్తే ఇవాళ్టి విలువ 1.03 లక్షలు.

అంటే ఈయన ఉంటే 1.03, పోతే 1.5. ఎక్కువ మంది పోతారని చూపిస్తే ఈయన విషయంలో బాధ్యత పెరుగుతుంది. జీతం పెరుగుదల రేటు డిస్కౌంట్ రేటు కన్నా తక్కువ ఉన్నంతకాలం, ఐదేళ్లు నిండినవాళ్లందరి విషయంలో ఇంతే.

రెండేళ్ల సర్వీసు ఉన్న కుర్రాడిది తిరగబడుతుంది. ఐదేళ్లు నిండకుండా పోతే వాడికి ఏమీ రాదు. ఇంకో మూడేళ్లు నిలిచే అవకాశం 15 శాతం అట్రిషన్‌తో 61 శాతం, 6 శాతంతో 83. కాబట్టి మీ కంపెనీలో పాతవాళ్లు ఎక్కువా, కొత్తవాళ్లు ఎక్కువా అన్నది తెలియకుండా అట్రిషన్ పెంచి లాభం చూపించారని అనలేం.

ఇక నేను డ్యూరేషన్ ఎందుకడిగానంటే, ఏటా 15 శాతం మంది పోతుంటే చెల్లింపులన్నీ ముందుకు జరుగుతాయి. అలాంటి చోట డ్యూరేషన్ ఐదూ ఆరూ ఏళ్ల దగ్గర ఉండాలి. పది రావడం నాకు అతకడం లేదు. ఐదారు శాతం అట్రిషన్‌తో నడిపితే పది వస్తుంది. రిపోర్టులో రాసిన రేటు, మోడల్లో పెట్టిన రేటు ఒకటేనా అని వాళ్లను అడగండి. ఐటీ కంపెనీకి రాసిన రిపోర్టును కాపీ చేసి ఫ్యాక్టరీకి పంపడం మా ఆఫీసుల్లో వినని విషయమేం కాదు.

గోదావరి గట్టు:
మేడమ్, 9 శాతం పెట్టి చూస్తే ఆ మనిషికే ఎంతవుతుంది?

పావని, ముంబై:
2.17 లక్షలు, రెట్టింపు కన్నా ఎక్కువ. కానీ అక్కడ ఒక మెలిక ఉంది. 9 శాతంతో రిటైరయ్యేనాటికి ముప్ఫై ఏళ్లకు కలిపి 25 లక్షలు దాటుతుంది. చట్టం గరిష్ఠం 20 లక్షలు. కంపెనీ నిబంధనల్లో ఆ పరిమితి వర్తిస్తుందని ఉంటే విలువ 1.72 లక్షల దగ్గర ఆగుతుంది. కొన్ని కంపెనీలు పరిమితి లేకుండా ఇస్తాయి. యాక్చువరీకి ఏ నిబంధన చెప్పారో, అపాయింట్‌మెంట్ ఆర్డర్లలో ఏముందో పక్కపక్కన పెట్టి చూడండి. రేటు గురించి పది మెయిళ్లు రాసి, ఇది వదిలేసే ఆడిటర్లే ఎక్కువ.

ఫ్రిస్కో సుబ్బు:
ఇక్కడ అమెరికాలో కంపెనీ నిపుణుడికి, ఆడిటర్ నిపుణుడికి నిబంధనలు విడివిడిగానే ఉన్నాయి, 2020 డిసెంబరు నుంచి ఇంకా బిగించారు. కంపెనీ నిపుణుడు వాడిన డేటా, ముఖ్యమైన అంచనాలు, పద్ధతి మూడూ చూడాలి. మా ఫర్మ్‌లో అయితే యాక్చువరీలు ఉద్యోగులుగానే ఉంటారు. ఫైలు వాళ్లకు పంపితే వాళ్లే సొంత రేంజి వేసి ఇస్తారు. మీరు కూడా ఇంకో యాక్చువరీని పెట్టుకుంటే గొడవే ఉండదు కదా.

ఫ్యాక్టరీ ఫైనాన్స్:
మూడు కోట్ల బాధ్యతకు రెండో యాక్చువరీనా? ఫీజు ఎవరిస్తారు సార్? మా మీద వేస్తే మేం ఆడిటర్‌ను మారుస్తాం. ఫర్మే పెట్టుకుంటే వాళ్ల ఆడిట్ ఫీజులో సగం అటే పోతుంది.

ఫ్రిస్కో సుబ్బు:
ఫీజు చాలకపోతే ఆడిట్ ఒప్పుకోకూడదు. నాకు కాని పని నేను చూస్తానని సంతకం పెట్టడం ఎలా?

గోదావరి గట్టు:
సుబ్బు గారి మాట పుస్తకం ప్రకారం తప్పు కాదు. ఎస్‌ఏ 620 అడిగేది కూడా అదే, నీకు తెలియని నైపుణ్యం అవసరమైతే నిపుణుణ్ని తెచ్చుకోమని. నా లెక్కలో మాత్రం ఈ కేసులో అవసరం లేదు. ఒకే ప్లాన్, ఫండ్ లేదు, పింఛను లేదు, మామూలు గ్రాట్యుటీ. పావని గారు ఒక మనిషికి చేసినట్టు నాలుగు రకాల ఉద్యోగులకు మనమే చేసి, వాళ్లిచ్చిన ఉద్యోగివారీ జాబితాతో పోల్చుకోవచ్చు. పొంతన కుదరకపోతే అప్పుడు పిలవాలి. ట్రస్టు ఆస్తులు, పింఛను, రిటైరయ్యాక వైద్యం లాంటివి ఉంటే నేను కూడా సుబ్బు గారి వైపే.

డిస్కౌంట్ రేటు అయితే దేవుడి దయవల్ల మనమే చూసుకోగల విషయం. ఉద్యోగుల ప్రయోజనాల అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 15 ప్రకారం బ్యాలెన్స్ షీటు తేదీన ప్రభుత్వ బాండ్ల రాబడి, అది కూడా చెల్లింపుల కాలానికి తగ్గట్టు. ఎఫ్‌బీఐఎల్ ఏ రోజుకారోజు ప్రకటిస్తుంది. 2024 మార్చి చివర్లో పదేళ్ల బాండు 7 దాటి ఉండేది. 2025 మార్చి చివరికి 6.6 దగ్గరికి దిగింది. నీ రిపోర్టులో 7.1 ఉందంటే పోయినేటి రిపోర్టు కూడా తీసి చూడు, అక్కడ కూడా 7.1 ఉంటే సంగతి అర్థమైనట్టే. అర శాతం తేడా, డ్యూరేషన్ పది, అంటే బాధ్యత మీద ఐదు శాతం. 15 లక్షల పైమాట.

అన్నిటికన్నా ముందు జాబితా. హెచ్‌ఆర్ దగ్గర తీసుకోవద్దు. యాక్చువరీకి ఏ ఫైలు వెళ్లిందో అదే ఆయన ఆఫీసు నుంచి నేరుగా నీ మెయిల్‌కు తెప్పించుకో. కంపెనీ నుంచి ఒప్పుకోలు లెటరు తీసుకుంటే వాళ్లు ఇస్తారు. తలల లెక్కను మార్చి నెల పే రోల్‌తో, పీఎఫ్ చలాన్‌తో పోల్చు. చేరేటప్పుడే 15,000 దాటి పీఎఫ్‌లో లేనివాళ్లు ఉంటారు కాబట్టి చలాన్‌తో పూర్తిగా కలవకపోవచ్చు, ఆ తేడాకు పేర్లు రాయి. బేసిక్, డీఏ మొత్తాన్ని పే రోల్ మొత్తంతో కలుపు. తర్వాత చేరిన తేదీ కాలమ్‌ను వరసలో పెట్టి ఊరికే కిందికి దిగుతూ చూడు. చాలామందికి ఒకే తేదీ కనిపిస్తే ఆగు.

పాతికేళ్ల ప్రాక్టీస్:
ఇంత చేస్తే మిగిలిన ఆడిట్ ఎప్పుడు చేస్తారు? ఈ జాబితా చూడడం ఒక్కటీ ఒప్పుకుంటా. పే రోల్ మనం ఎలాగూ ఆడిట్ చేస్తాం, దాన్నే వీళ్లకు పంపారా అని చూడడం మన పనే. రేట్లు, అట్రిషన్ జోలికి పోవడం మాత్రం నాకు ఇంకా నచ్చదు. మీరు 6.6 అంటారు, ఆయన 7 అంటాడు, ఇద్దరిలో కోర్టు ఎవరిని నమ్ముతుంది?

పావని, ముంబై:
సర్, బాండ్ల రాబడి అభిప్రాయం కాదు, ఆ రోజు ప్రకటించిన సంఖ్య. పైగా రేట్లు చాలాసార్లు మేం నిర్ణయించినవి కావు. ఏఎస్ 15లో అంచనాలు కంపెనీవి. మేం సలహా ఇస్తాం, వాళ్లు మెయిల్లో ‘పోయినేడాదివే పెట్టండి’ అంటారు, రేటు మరీ అడ్డగోలుగా ఉంటే తప్ప మేం అదే పెడతాం. మా రిపోర్టులో ‘యాజమాన్యం ఎంచుకున్న అంచనాలు’ అని రాసి ఉంటుంది. మీరు అది యాక్చువరీ రేటు అనుకుంటారు, మేం అది ఆడిటర్ చూస్తాడులే అనుకుంటాం.

రెండో ఏడు ఆర్టికల్:
అందరికీ థాంక్స్. వారం తర్వాత రాస్తున్నాను.

యాక్చువరీ ఆఫీసుతో మాట్లాడితే పావని గారు చెప్పిందే. మోడల్లో 5 శాతం అట్రిషన్, రిపోర్టులో 15 వేరే కంపెనీ కాగితం నుంచి వచ్చింది. అంకె మారలేదు, రిపోర్టు మాత్రం మళ్లీ ఇస్తున్నారు. బేసిక్, డీఏ పెరుగుదల 2022 నుంచి ఉన్నవాళ్లకు ఏటా 5.6 వచ్చింది, యూనియన్ ఒప్పందం కూడా దానికి దగ్గరగానే ఉంది కాబట్టి 5ను సర్ వదిలేశారు. నాకు ఇంకా కొంచెం తక్కువే అనిపిస్తోంది. డిస్కౌంట్ రేటు పోయినేటిదే పెట్టారు. 6.6తో 15 లక్షలకు కొంచెం పైన పెరిగింది.

పెద్దది జాబితాలో దొరికింది. 58 మందికి చేరిన తేదీ 2019 ఏప్రిల్ 1. అందరికీ అదే. ఒక యూనిట్‌ను గ్రూపులోని ఇంకో కంపెనీ నుంచి ఆ రోజు కొన్నారు. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో కొనుగోలు తేదీనే చేరిన తేదీగా ఎక్కించారు. కొనుగోలు ఒప్పందంలో మాత్రం పాత సర్వీసు కొనసాగుతుందని స్పష్టంగా ఉంది. పాత అపాయింట్‌మెంట్ లెటర్లు తీస్తే సగటున ఆరేళ్లు పోయాయి. సగటు జీతం 22,000తో నేను వేస్తే మనిషికి 76,000, మొత్తం 44 లక్షలు. యాక్చువరీ మళ్లీ నడిపితే 37 లక్షల పైచిలుకు వచ్చింది. ఎందుకు తగ్గిందో ఇప్పుడు నాకు అర్థమవుతోంది. మొత్తం 3.63 కోట్లు. అంతకు మించిన తప్పును వదిలేయకూడదని మేం పెట్టుకున్న హద్దు, అంటే మెటీరియాలిటీ, 30 లక్షలు.

ఇప్పుడు కొత్త గొడవ. కొత్త రిపోర్టులో ఆ 37 లక్షలను యాక్చువేరియల్ నష్టంలో కలిపి చూపించారు. ఇది పోయినేడాది కూడా తప్పే కదా, ప్రయర్ పీరియడ్ ఐటమ్‌గా విడిగా చూపించాలి అని నేనంటే సర్ ఒప్పుకోవడం లేదు.

ఫ్యాక్టరీ ఫైనాన్స్:
ఎందుకు విడిగా? అంచనా వేసినదానికీ వాస్తవానికీ తేడా వస్తే దాన్ని అనుభవ సర్దుబాటు అంటారు, ఏటా వస్తుంది. ఏఎస్ 15లో రెండూ లాభనష్టాల ఖాతాకే పోతాయి. చివరి లాభం ఒకటే అయినప్పుడు నోట్సులో ‘గత సంవత్సరాల తప్పు’ అని రాయించి బ్యాంకు ముందు మమ్మల్ని ఎందుకు నిలబెడతారు?

గోదావరి గట్టు:
అనుభవ సర్దుబాటు అంటే అనుకున్నదొకటి, జరిగినదొకటి. ఆరు శాతం మంది పోతారనుకుంటే పది శాతం పోయారు, అలాంటిది. ఈ 58 మంది సర్వీసు ఎవరూ అంచనా వేసింది కాదు. కొనుగోలు ఒప్పందం 2019 నుంచి మీ బీరువాలోనే ఉంది. ఖాతాలు తయారు చేసేటప్పుడు దాన్ని చూడలేదు. ఏఎస్ 5 లెక్కలో ఇది తప్పే, విడిగా చూపించాల్సిందే. ఈ ఏడాది సర్వీసుకు చెందిన భాగం వేరు చేయాలంటే యాక్చువరీని 2024 మార్చి తేదీకి కూడా సరైన తేదీలతో నడపమనండి, ఇంకో పూట పని.

పావని, ముంబై:
మాకు చెప్పకపోతే మేం నష్టంలోనే కలుపుతాం. పోయినేటి డేటా తప్పా, ఈ ఏటి డేటా మారిందా అన్నది మాకు తెలియదు. అడిగితే విడగొట్టి ఇస్తారు.

పాతికేళ్ల ప్రాక్టీస్:
చెప్పడం సులువు. పోయినేడాది ఆడిట్ రిపోర్టు మీద సంతకం ఎవరిది తమ్ముడూ?

రెండో ఏడు ఆర్టికల్:
మా సర్‌దే. అందుకే ఒప్పుకోవడం లేదేమో. 2024 మార్చి లెక్క కావాలని యాక్చువరీకి మెయిల్ అయితే పెట్టాను, సర్‌ను కాపీలో పెట్టి. ఇంకా జవాబు రాలేదు.